ఆటలో పేరు మారుతుంది, నంబరు మారదు

కొత్త ల్యాప్‌టాప్ వచ్చిన ఇళ్లలో తరచూ జరిగే కథ ఇది. పెట్టె తెరిచి స్విచ్ నొక్కగానే విండోస్ ఒక ఖాతా అడుగుతుంది. నాన్న తన ఫోన్ నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీ కొట్టి పని కానిచ్చేస్తాడు. అలా ఒక మైక్రోసాఫ్ట్ ఖాతా పుడుతుంది. కొన్నాళ్లకు పిల్లవాడు మైన్‌క్రాఫ్ట్ కావాలని పోరుపెడితే అదే ల్యాప్‌టాప్‌లో కార్డుతో కొనిస్తారు. ఆట ఆ ఖాతా మీద పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడో పిల్లవాడు ఫోన్‌లో ఎక్స్‌బాక్స్ యాప్ వేసుకుని తన జీమెయిల్ కొడతాడు. ఈ మెయిల్‌తో ఖాతా లేదు, కొత్తది తెరవనా అని యాప్ అడుగుతుంది. సరే అంటాడు. రెండో ఖాతా పుట్టింది. స్నేహితులందరినీ ఈ కొత్త ఖాతాలోనే చేర్చుకుంటాడు.

చిక్కు బయటపడేది ఒక ఆదివారం. ల్యాప్‌టాప్‌లో కూడా జీమెయిల్‌తోనే లాగిన్ అయితే, డబ్బులిచ్చి కొన్న ఆట మళ్లీ కొనమని అడుగుతుంది. పాత ఖాతాకు వెళ్తే ఆట ఉంటుంది కానీ స్నేహితులు ఉండరు. పైగా ఆ ఖాతాకు కంప్యూటరే తనకు తోచిన రెండు ఇంగ్లిష్ మాటలు, నాలుగు అంకెలు కలిపి పెట్టిన వింత పేరు ఉంటుంది. అప్పుడు ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. ఈ పేరు మార్చుకోవచ్చా? ఈ రెండు ఖాతాలనూ కలిపేయొచ్చా?

మొదటిదానికి జవాబు: మార్చుకోవచ్చు, దాదాపు ఏమీ పోదు. రెండోదానికి జవాబు: కలపలేరు. ఎందుకు అలా అన్నది తెలిస్తే ఏది దక్కుతుందో, ఏది పోతుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

పేరు వెనక ఉన్న నంబరు

ఎక్స్‌బాక్స్ లైవ్ 2002 నవంబరులో మొదలైంది. అందులో ఆటగాడికి పెట్టే పేరే గేమర్‌ట్యాగ్. స్నేహితులకు కనిపించేది, మైన్‌క్రాఫ్ట్ బెడ్‌రాక్‌లో బొమ్మ తల మీద వేలాడేది ఈ పేరే. అయితే కంపెనీ కంప్యూటర్లు మనల్ని ఈ పేరుతో గుర్తుపెట్టుకోవు. ఖాతా పుట్టినప్పుడే దానికి పదహారు అంకెల నంబరు ఒకటి పడుతుంది. దాన్ని ఎక్స్‌యూఐడీ అంటారు. గెలిచిన అచీవ్‌మెంట్లు, వాటితో వచ్చిన గేమర్‌స్కోర్, స్నేహితుల జాబితా, క్లౌడ్‌లో దాచిన ఆట, అన్నీ ఆ నంబరు కింద రాసి ఉంటాయి. మనం ఆ నంబరును చూడం, ఎవరికీ చెప్పం. మార్చుకోవడం ఎలాగూ కుదరదు.

పదో తరగతి మార్కులు హాల్‌టికెట్ నంబరు మీద ఉంటాయి కదా, అలాంటిదే ఇది. మెమోలో పేరు తప్పు పడితే దరఖాస్తు పెట్టి సరిచేయించుకుంటాం, మార్కులు కదలవు. అదే ఒక విద్యార్థి రెండు హాల్‌టికెట్లతో పరీక్ష రాస్తే, ఇందులో వచ్చిన లెక్కల మార్కులు, అందులో వచ్చిన సైన్సు మార్కులు కలిపి ఒక మెమో ఇమ్మంటే ఏ బోర్డూ ఇవ్వదు.

గేమర్‌ట్యాగ్ మార్చడమంటే మెమోలో పేరు దిద్దించుకోవడమే. మీరు ఎంచుకోకుండా కంప్యూటరే పెట్టిన పేరైతే మొదటిసారి ఉచితంగా మార్చుకోవచ్చు. ఆ తర్వాత ప్రతి మార్పుకూ డబ్బు కట్టాలి. అమెరికాలో అది 9.99 డాలర్లు. బ్రౌజర్‌లో social.xbox.com/changegamertag అని కొట్టి లాగిన్ అయితే మార్పు పేజీ వస్తుంది. కన్సోల్‌లోనైతే మీ ప్రొఫైల్ తెరిచి, దాన్ని దిద్దుకునే చోట పేరు మీద నొక్కాలి. ఉచిత అవకాశం ఒక్కటే కాబట్టి స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చూసుకుని ఒప్పుకోవాలి.

2019లో మైక్రోసాఫ్ట్ ఈ పేర్ల పద్ధతి మార్చింది. అంతకుముందు ఒక పేరు లోకంలో ఒక్కరికే. మంచి పేర్లన్నీ ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు. ఇప్పుడు 12 అక్షరాలలోపు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. అది అప్పటికే వేరొకరిదైతే వెనక # గుర్తు పెట్టి కొన్ని అంకెలు తగిలిస్తారు. ఆ అంకెలు ఎంచుకునే వీలు మనకు లేదు. ఈ చిన్న వెసులుబాటు రెండు ఖాతాల చిక్కులో ఎలా పనికొస్తుందో ముందు చూద్దాం.

పేరు మార్చినప్పుడు నిజంగా పోయేది గుర్తింపే. స్నేహితుల జాబితాలో మీరు అలాగే ఉంటారు, కానీ కొత్త పేరుతో కనిపిస్తారు. చెప్పకుండా మార్చేస్తే, వీడెవడో తెలియని వాడు జాబితాలో దూరాడని తీసేసేవాళ్లూ ఉంటారు. మార్చిన రోజే నలుగురికీ ఒక మాట చెబితే సరిపోతుంది.

పేరునే నమ్ముకున్న చోట

ఆట రాసినవాళ్లు నంబరును వదిలి పేరు మీద లెక్కలు రాసుకుంటే మాత్రం పేరు మార్పుతో నిజంగానే నష్టం వస్తుంది. దీనికి పెద్ద ఉదాహరణ సోనీ ప్లేస్టేషన్. ప్లేస్టేషన్ నెట్‌వర్క్ 2006లో మొదలైతే, అందులో పేరు మార్చుకునే అవకాశం 2019 ఏప్రిల్ దాకా రాలేదు. అన్నేళ్లూ పేరు మారదన్న ధీమాతో కొన్ని ఆటలు ఆటగాడి వివరాలను పేరుకే ముడేశాయి. పేరు మారగానే ఆ ఆటకు ఎదురుగా ఉన్నది కొత్త మనిషి. ఆట ఎక్కడిదాకా వచ్చింది, ట్రోఫీల వైపు ఎంత దూరం వచ్చారు, డబ్బు పెట్టి కొన్న సరుకు, అన్నీ పాత పేరు కిందే ఉండిపోతాయి.

సోనీ ఈ సంగతి దాచలేదు. 2018 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన పీఎస్4 ఆటలు చాలావరకు పేరు మార్పును తట్టుకుంటాయని, అంతకుముందు వాటిలో ఇబ్బందులు రావచ్చని చెప్పి, పరీక్షించిన ఆటల జాబితా కూడా ఇచ్చింది. తీవ్రమైన ఇబ్బంది ఉందన్న వాటిలో లిటిల్‌బిగ్‌ప్లానెట్ 3, ఎవ్రీబడీస్ గోల్ఫ్ లాంటి పేరున్న ఆటలూ ఉన్నాయి. మొదటి మార్పు ఉచితం, తర్వాతివి అమెరికాలో 9.99 డాలర్లు, పీఎస్ ప్లస్ సభ్యులకు 4.99. తేడా వస్తే పాత పేరుకు వెనక్కి వెళ్లడం మాత్రం ఉచితం. వెళ్తే చాలా ఇబ్బందులు సర్దుకుంటాయి, అన్నీ సర్దుకుంటాయన్న హామీ లేదు. కాబట్టి పీఎస్4 కాలపు పాత ఆటలు ఇంకా ఆడుతున్నవారు ముందు ఆ జాబితా చూసి, అప్పుడే పేరు జోలికి వెళ్లాలి.

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌దీ ఇదే కథ, కాకపోతే వాళ్లు ముందే మేలుకున్నారు. తొలి రోజుల్లో సర్వర్ ఒక్కో ఆటగాడి సరుకును ఆటగాడి పేరు గల ఫైలులోనే దాచేది. 2014లో పేరు బదులు యూయూఐడీ అనే పొడవాటి గుర్తుసంఖ్యకు మారారు. ఆ పని పూర్తయ్యాకే, 2015 ఫిబ్రవరిలో, పేరు మార్చుకునే సౌకర్యం ఇచ్చారు. జావా ఎడిషన్‌లో పేరు మార్పుకు డబ్బు అక్కర్లేదు, 30 రోజులకోసారి మార్చుకోవచ్చు. ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. జావా ఎడిషన్ పేరు వేరు, గేమర్‌ట్యాగ్ వేరు. ఒకటి మారిస్తే రెండోది మారదు. పిల్లవాడు జావాలో మాత్రమే ఆడుతుంటే గేమర్‌ట్యాగ్ మార్చడానికి డబ్బు కట్టడం దండగ.

కొనని మైన్‌క్రాఫ్ట్‌తో కూడా లోపలికి రానిచ్చే సర్వర్ల సంగతి వేరు. పిల్లలు క్రాక్డ్ సర్వర్లనేవి ఇవే. server.properties ఫైలులో online-mode=false అని ఉంటే అది అలాంటి సర్వర్. అక్కడ అసలు ఖాతాను ఎవరూ అడగరు కాబట్టి, ఆటగాడు కొట్టిన పేరు నుంచే గుర్తుసంఖ్యను లెక్కకట్టి తయారుచేస్తారు. పేరులో ఒక్క అక్షరం మారినా సంఖ్య మారిపోతుంది. నిన్న Ravi అని వచ్చినవాడు ఇవాళ ravi అని చిన్న అక్షరంతో వస్తే సర్వర్ లెక్కలో వాడు కొత్తవాడు. చేతిలో కత్తి ఉండదు, వజ్రాలు ఉండవు, ఆట మొదలైన చోటికి పోయి పడతాడు. సరుకు పోయిందని ఏడవక్కర్లేదు. పాత పేరు ఉన్నది ఉన్నట్టు కొడితే అంతా తిరిగొస్తుంది.

రెండు ఖాతాలు ఎందుకు కలవవు

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. రెండు ఎక్స్‌బాక్స్ ప్రొఫైళ్లను కలిపే దారి మైక్రోసాఫ్ట్‌లో లేదు. కొన్న ఆటలు, గేమర్‌స్కోర్, అచీవ్‌మెంట్లు, గిఫ్ట్ కార్డుతో వేసుకున్న డబ్బు, గేమ్ పాస్ చందా, వీటిలో ఏదీ ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు బదిలీ కాదు. సోనీలోనూ అంతే. స్టీమ్‌లోనూ అంతే. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు రాసినా జవాబు మారదు.

ఇందులో కంపెనీల మొండితనం కొంత ఉంటే ఉండొచ్చు కానీ, కారణాలూ ఉన్నాయి. ఖాతా కలపడానికి వీలుంటే దొంగిలించిన ఖాతాలోని ఆటలను క్షణాల్లో సొంత ఖాతాలోకి లాక్కోవచ్చు. ఆట ధర దేశానికోలా ఉంటుంది కాబట్టి, చవకగా దొరికే దేశంలో ఖాతా తెరిచి కొని తర్వాత కలిపేసుకోవచ్చు. ఒకే ఆటను రెండు ఖాతాల్లోనూ ఆడి ఉంటే ఏ ఆటను ఉంచాలి, దేన్ని చెరపాలి అన్నది ఇంకో తగవు.

కలిపిన సందర్భం ఒకటుంది. ఫోర్ట్‌నైట్ ఆటను నింటెండో స్విచ్‌లో 2018 జూన్‌లో విడుదల చేసినప్పుడు, అప్పటికే ప్లేస్టేషన్‌లో ఆడుతున్నవాళ్ల ఎపిక్ ఖాతా స్విచ్‌లో పనిచేయలేదు. సోనీ ఒప్పుకోకపోవడమే కారణం. ఆటగాళ్లు వేరే దారిలేక స్విచ్ కోసం రెండో ఖాతా తెరిచారు. సెప్టెంబరు చివర్లో సోనీ దిగొచ్చింది. అప్పటికే లక్కలా అంటుకున్న రెండేసి ఖాతాలతో జనం మిగిలారు. తప్పు ఆటగాళ్లది కాదు కాబట్టి ఎపిక్ గేమ్స్ 2019 ఫిబ్రవరిలో కలిపే సౌకర్యం తెచ్చింది.

అదీ పూర్తిగా కలపలేదు. రెండింటిలో ఒకటి ప్రధాన ఖాతాగా ఎంచుకోవాలి. రెండోదానిలోని దుస్తులు, అలంకారాలు, వీ-బక్స్ అనే ఆట డబ్బు మొదటిదానికి వచ్చాయి, అదీ రెండు వారాలు ఆగాక. సేవ్ ద వరల్డ్ అనే భాగంలో రెండో ఖాతాలో సంపాదించిన హీరోలు, ఆయుధాల నమూనాలు, స్థాయి మాత్రం రాలేదు. కలిపాక రెండో ఖాతా మూతపడింది. ఆ కిటికీని కూడా 2019 మే 6న మూసేశారు. ఇప్పుడు ఎపిక్‌లో కూడా రెండు ఖాతాలు కలపలేరు.

ఈ ఉదంతంలో గమనించాల్సింది, డబ్బుతో కొన్నది కదిలింది, ఆడి సంపాదించినది కదల్లేదు. కొన్న సరుకు జాబితాలో ఒక వరుస మాత్రమే, దాన్ని ఇక్కడ తీసి అక్కడ రాయొచ్చు. ఆటలో ఎదిగిన తీరు ఒకదానిపై ఒకటి ఆధారపడిన వందల లెక్కల ముద్ద, దాన్ని ఇంకో ముద్దతో కలపడం ఆట రాసినవాళ్లకే కష్టం.

ఆటను కదపలేం, మెయిల్‌ను కదపొచ్చు

ఇంట్లో చిక్కుకు దారి లేకపోలేదు. చాలామంది అడిగేది, నా జీమెయిల్ ఉన్న ఖాతాకు ఆటలు తెచ్చుకోవడం ఎలా అని. దాన్ని తిరగేసి ఆలోచించాలి. ఆటలున్న ఖాతాకే జీమెయిల్‌ను తీసుకెళ్లాలి. మెయిల్ అడ్రసు ఖాతా కాదు, ఖాతాలోకి వెళ్లే తలుపు మాత్రమే. ఒక మైక్రోసాఫ్ట్ ఖాతాకు ఇలాంటి తలుపులు పది దాకా పెట్టుకోవచ్చు.

ముందు ఏ ఖాతాలో ఏముందో తేల్చుకోవాలి. రెండు ఖాతాలతోనూ విడివిడిగా account.microsoft.com లోకి వెళ్లి ఆర్డర్ల చరిత్ర చూస్తే కొన్నవి ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఎక్స్‌బాక్స్ యాప్‌లో ప్రొఫైల్ తెరిస్తే అచీవ్‌మెంట్లు, స్నేహితులు ఎక్కడున్నారో తెలుస్తుంది. విండోస్ కంప్యూటర్‌లో ఒక మాయ కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ స్టోర్ ఒక ఖాతాతో, ఎక్స్‌బాక్స్ యాప్ ఇంకో ఖాతాతో లాగిన్ అయి ఉండవచ్చు. అప్పుడు కొన్నది ఒక ఖాతా మీద, ఆడినది ఇంకో ఖాతా మీద పడుతుంది. రెండు యాప్‌లలోనూ మూలన ఉన్న బొమ్మ మీద నొక్కి, ఏ మెయిల్ లేదా నంబరు కనిపిస్తోందో చూడాలి.

మన ఉదాహరణలో నాన్న ఫోన్ నంబరు ఖాతాలో మైన్‌క్రాఫ్ట్, నెలల ఆట ఉన్నాయి. జీమెయిల్ ఖాతాలో స్నేహితులు, రెండు మూడు ఉచిత ఆటల్లో కాస్త స్కోరు ఉన్నాయి. స్నేహితులను మళ్లీ చేర్చుకోవచ్చు, ఆటను మళ్లీ కొనాలి. కాబట్టి ఉంచుకోవాల్సింది ఫోన్ నంబరు ఖాతానే.

ఇక పని మొదలు. జీమెయిల్‌ను నేరుగా ఫోన్ నంబరు ఖాతాకు చేర్చబోతే కుదరదు, అది అప్పటికే వేరే ఖాతాది అంటుంది. అందుకని ముందు రెండో ఖాతాతో account.live.com/names/manage పేజీకి వెళ్లాలి. అక్కడ కొత్త outlook.com అడ్రసు ఒకటి సృష్టించి చేర్చాలి. దాన్ని ఆ ఖాతాకు ప్రధాన అడ్రసుగా చేయాలి. ఆ తర్వాత జీమెయిల్‌ను ఆ ఖాతా నుంచి తీసేయాలి. ఇప్పుడు మొదటి ఖాతాతో అదే పేజీకి వెళ్లి జీమెయిల్‌ను చేర్చి, మెయిల్‌కు వచ్చిన కోడ్ కొట్టి, ప్రధాన అడ్రసుగా చేసుకోవాలి. ప్రధాన అడ్రసును వారంలో రెండుసార్లకు మించి మార్చనివ్వరు కాబట్టి తొందరపడి అటూ ఇటూ తిప్పకూడదు.

జీమెయిల్ బదులు outlook.com లేదా hotmail.com అడ్రసుతో ఈ పని చేయబోతే మాత్రం ఆగండి. మైక్రోసాఫ్ట్ సొంత అడ్రసును ఖాతా నుంచి తీసేస్తే దాన్ని ఇంకో ఖాతాకు చేర్చుకోవడం కుదరదు. అందులోకి వచ్చే ఉత్తరాలూ ఆగిపోతాయి. వేరే కంపెనీ మెయిల్‌కే ఈ దారి.

ఇదంతా అయ్యాక పిల్లవాడు తన జీమెయిల్‌తోనే లాగిన్ అవుతాడు, ఆటలున్న ఖాతా తెరుచుకుంటుంది. ఆ ఖాతా గేమర్‌ట్యాగ్ కంప్యూటర్ పెట్టిందే కాబట్టి ఉచిత మార్పు ఇంకా మిగిలే ఉంది. రెండో ఖాతాలో పెట్టుకున్న పేరే కావాలంటే అదే 12 అక్షరాలు ఇక్కడా కొట్టొచ్చు, వెనక # పెట్టి అంకెలు పడతాయి, అంతే. స్నేహితులను మళ్లీ చేర్చుకోవాలి. ఉచిత ఆటల్లో వచ్చిన స్కోరు మాత్రం పాత ఖాతాతోనే పోయినట్టు.

దక్కేవి, దక్కనివి

కొన్ని ఇళ్లలో పంపకం ఇంత సులువుగా ఉండదు. రెండు ఖాతాల మీదా ఆటలు కొని ఉంటారు. అప్పుడు ఎక్స్‌బాక్స్ కన్సోల్ ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. వదిలేయాలనుకున్న ఖాతాతో ఆ కన్సోల్‌ను Home Xbox గా గుర్తిస్తే, ఆ ఖాతా మీద కొన్న డిజిటల్ ఆటలను అదే కన్సోల్‌లో మరో ప్రొఫైల్‌తో కూడా ఆడుకోవచ్చు. ఆడినప్పుడు వచ్చే స్కోరు ఆడుతున్న ప్రొఫైల్‌కే పడుతుంది. అందుకే వదిలేసిన ఖాతాను మూసేయకూడదు. కొన్నది పొరపాటున వేరే ఖాతా మీద పడిందని వెంటనే తెలిస్తే వాపసు కూడా అడగొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, పెద్దగా ఆడకముందే అడగాలి. డబ్బు వెనక్కి వస్తే సరైన ఖాతా మీద మళ్లీ కొనుక్కోవచ్చు. వాడని గిఫ్ట్ కార్డు కోడ్ చేతిలో ఉంటే ఏ ఖాతాలోనైనా వాడుకోవచ్చు, ఒకసారి కొట్టాక ఆ డబ్బు ఆ ఖాతాదే.

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు ఈ కన్సోల్ దారి పనికిరాదు. ఆడే ఖాతా మీదే ఆట కొని ఉండాలి. అయినా అందులో కట్టుకున్న లోకాన్ని కాపాడుకోవచ్చు. ఒంటరిగా ఆడిన లోకాలు క్లౌడ్‌లో కాదు, కంప్యూటర్‌లోనే .minecraft ఫోల్డరులోని saves లో ఉంటాయి. ఏ ఖాతాతో లాగిన్ అయినా అవి కనిపిస్తాయి. బెడ్‌రాక్ ఎడిషన్‌లో లోకాన్ని ఎడిట్ చేసే చోటికి వెళ్లి .mcworld ఫైలుగా బయటికి తీసి, కొత్త ఖాతాతో లోపలికి తెచ్చుకోవచ్చు. లోకం వస్తుంది, మార్కెట్‌ప్లేస్‌లో డబ్బు పెట్టి కొన్న స్కిన్లు రావు.

స్నేహితులతో కలిసి ఆడే జావా సర్వర్‌లో ఖాతా మారితే ఏం పోతుందో చూస్తే నంబరు మహిమ కళ్లకు కడుతుంది. సర్వర్ ఒక్కో ఆటగాడి గురించి ఈ ఫైళ్లు దాచుకుంటుంది:

```
world/playerdata/<uuid>.dat
world/stats/<uuid>.json
world/advancements/<uuid>.json
```

మొదటిదానిలో సంచిలోని సరుకు, నిలబడిన చోటు ఉంటాయి. రెండోదానిలో ఎన్ని అడుగులు నడిచాడు, ఎన్ని రాళ్లు తవ్వాడు అన్న లెక్కలు, మూడోదానిలో సాధించిన మెట్లు. కొత్త ఖాతాతో వస్తే గుర్తుసంఖ్య వేరు కాబట్టి ఈ మూడూ ఖాళీగా మొదలవుతాయి. సర్వర్ నడిపేవాడు మన స్నేహితుడైతే దీన్ని సరిచేయడం తేలిక. కొత్త ఖాతాతో ఒకసారి లోపలికి వెళ్లి బయటికి రావాలి. సర్వర్ ఆపి, మొత్తం ఫోల్డరుకు నకలు తీసుకోవాలి. usercache.json ఫైలులో పాత పేరు పక్కన, కొత్త పేరు పక్కన ఉన్న గుర్తుసంఖ్యలు చూసి, పాత సంఖ్య గల ఫైళ్లకు కొత్త సంఖ్య పేరు పెట్టాలి. సర్వర్ మళ్లీ నడిపితే సరుకంతా చేతికొస్తుంది.

ఒకటి మాత్రం ఇంకా పాత ఖాతాకే విశ్వాసంగా ఉంటుంది, మచ్చిక చేసుకున్న కుక్క. ప్రతి పెంపుడు కుక్కలోనూ యజమాని గుర్తుసంఖ్య రాసి ఉంటుంది. కొత్త ఖాతాతో దగ్గరికి వెళ్లి కూర్చోమంటే కూర్చోదు, వెంట రమ్మంటే రాదు. పేరు మార్చుకుని వస్తే మాత్రం ఏమీ జరగనట్టే తోక ఊపుతూ వస్తుంది. సర్వర్‌లో ఆపరేటర్ హక్కు ఉన్న ఆటగాడు కుక్క పక్కన నిలబడి ఈ ఆదేశం ఇస్తే యజమాని మారతాడు:

```
/data modify entity @e[type=wolf,limit=1,sort=nearest] Owner set from entity @s UUID
```

ఇది 1.16, ఆ తర్వాతి వెర్షన్లలో పనిచేస్తుంది. కుక్కలు పది ఉంటే పదిసార్లు చేయాలి. ఊరుపేరు తెలియని పెద్ద సర్వర్లలో ఈ అవకాశం ఉండదు. అక్కడ ఖాతా మారితే ర్యాంకు, ఇల్లు, డబ్బు పెట్టి కొన్న హోదా అన్నీ సర్వర్ యజమాని దయ.

చివరిగా, పనికిరాని ఖాతాను మూసేయాలన్న తొందర వద్దు. మూసేయమని అడిగితే మైక్రోసాఫ్ట్ 30 లేదా 60 రోజుల గడువు ఇస్తుంది. ఆ లోపు మళ్లీ లాగిన్ అయితే ఖాతా బతుకుతుంది. గడువు దాటితే అందులో కొన్నవి, ఆడినవి, మిగిలిన డబ్బు అన్నీ పోతాయి. ఖాతా ఊరికే ఉంటే ఖర్చేమీ లేదు. దాని పాస్‌వర్డు, మెయిల్ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఇక కొత్తగా ఏదైనా ఆట కొనేటప్పుడు కార్డు నంబరు కొట్టడానికి ముందు, స్టోర్ మూలన ఏ ఖాతా పేరు ఉందో ఒక్కసారి చూడండి. డబ్బు ఎవరిదైనా, ఆట ఆ పేరు వెనక ఉన్న నంబరుకే చెందుతుంది.